జిరాక్స్ నోట్సుకి ఏఐ ముద్ర

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో చదివే వాళ్ల రూముకి వెళ్లి చూడండి. మంచం కిందో కిటికీ గట్టు మీదో ఒక స్పైరల్ బైండింగ్ నోట్సు కనబడుతుంది. అందులో పదిహేనో ఇరవయ్యో వ్యాసాలుంటాయి. మహిళా సాధికారత, వాతావరణ మార్పు, విపత్తు నిర్వహణ, డిజిటల్ ఇండియా. పేరు మారుతుంది గానీ లోపలి ఎముకల గూడు ఒకటే. మొదట ఒక మహానుభావుడి సూక్తి, తర్వాత నిర్వచనం, తర్వాత కారణాలు, ప్రభుత్వ పథకాలు, సవాళ్లు, పరిష్కార మార్గాలు, చివర మళ్లీ ఒక సూక్తి. దీన్నే మనం ‘మోడల్ ఆన్సర్’ అంటాం. అన్నయ్య చదివాక తమ్ముడికి, సీనియర్ చదివాక జూనియర్‌కి చేరుతుంది.

ఈ మధ్య ఈ వ్యాసాలకి కొత్త తిట్టు ఒకటి వచ్చింది. ‘ఇది ఏఐ రాసింది’ అని. సాఫ్ట్‌వేర్ అంటోంది, పేపరు దిద్దేవాళ్లూ అంటున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎవరు రాశారన్న విషయంలో ఆ మాట చాలాసార్లు అబద్ధం. కానీ రాసినదాంట్లో ఏముందన్న విషయంలో అందులో కొంత నిజముంది. ఈ రెండూ వేరువేరు సంగతులు. వీటిని కలిపేయడం వల్ల తప్పు చేయని కుర్రాడికి శిక్ష పడుతోంది. అసలు జబ్బు మాత్రం అలాగే ఉండిపోతోంది.

యంత్రం కంటే ముందు పుట్టిన వ్యాసం

మా జూనియర్ ఒకడున్నాడు, కంచిలి వైపు వాడు. నిరుడు ఒక ఆన్‌లైన్ వ్యాసరచన పోటీకి ఇంగ్లీషులో విపత్తు నిర్వహణ మీద రాసి పంపాడు. నిర్వాహకులు దాన్ని ఒక డిటెక్టర్‌లో వేసి, ఏఐ రాసిందని తేలిందంటూ ఒక్క లైను మెయిల్ పంపి జాబితాలోంచి పేరు తీసేశారు. వాడు నా దగ్గరకొచ్చి, “ఏటన్నా ఇది, నేను కూర్చుని టైపు చేసిందే కదా. మా అన్న నోట్సు నాకు కంఠతా వచ్చు. మధ్యలో ఏఐ ఎక్కడ్నుంచొచ్చింది?” అన్నాడు.

ఆ నోట్సు తెప్పించి చూశాను. వాళ్ల అన్నయ్య 2019లో బ్యాంకు పరీక్షలకి చదివినప్పుడు కొన్నది. వీడు పంపిన వ్యాసంలో మొదటి పేరా, చివరి పేరా దాదాపు అక్షరం పొల్లుపోకుండా అందులో ఉన్నాయి. మధ్య పేరాల్లో కూడా సగం వాక్యాలు అక్కడివే. చాట్‌జీపీటీ జనానికి అందుబాటులోకి వచ్చింది 2022 నవంబరు 30న. అంటే డిటెక్టర్ ‘యంత్రం రాసింది’ అని తేల్చిన పేరా, ఆ యంత్రం పుట్టకముందే మూడేళ్ల నుంచి సోంపేట, కంచిలి రూముల్లో తిరుగుతోంది.

దీన్నిబట్టి నిర్వాహకులది తప్పని తేలింది. మరి వీడు ‘నేనే రాశాను’ అన్నది పూర్తిగా ఒప్పా? టైపు చేసింది వీడే. కానీ ఆ వాక్యాలు వీడివి కావు, వాళ్ల అన్నయ్యవీ కావు. ఏ ఊళ్లోనో ఏ కోచింగ్ సెంటర్‌కో రాసిపెట్టిన పేరులేని మనిషివి. ఆయన కూడా వాటిని అంతకుముందున్న ఏ గైడ్‌లోంచో ఎత్తి ఉంటాడు. ఇలా చేతులు మారి మారి చివరికి ఎవరి గొంతూ మిగలని వాక్యం తయారైంది. అది యంత్రం వాక్యంలా ఎందుకు కనబడుతుందో చెప్పాలంటే డిటెక్టర్ లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడాలి. మనం ఎలాగూ ఇంజినీరింగ్ వాళ్లమే కాబట్టి భయపడనక్కర్లేదు.

డిటెక్టర్ కొలిచేది ఏమిటి?

‘ఇది మనిషి రాశాడా, యంత్రం రాసిందా’ అని నేరుగా కొలిచే మీటరు లేదు. తొలి తరం డిటెక్టర్లు ప్రధానంగా కొలిచింది ఊహకందే గుణాన్ని. ఒక భాషా నమూనాకి వాక్యంలో మొదటి కొన్ని మాటలు చూపించి, తర్వాతి మాట ఏమై ఉంటుందో ఊహించమంటారు. మనం నిజంగా రాసిన మాటకి అది ఎంత సంభావ్యత ఇచ్చిందో చూస్తారు. వాక్యమంతా అలా చేసి సగటు తీస్తే వచ్చేదే పర్‌ప్లెక్సిటీ, అంటే నమూనా ఎంత తికమక పడిందో చెప్పే అంకె.

మన జిరాక్స్ నోట్సు వాక్యాన్నే తీసుకోండి. ‘ఈ నేపథ్యంలో విపత్తు నిర్వహణ అత్యంత ప్రాధాన్యత’ అనగానే తర్వాత ఏమొస్తుంది? మీరు కూడా చెప్పేశారు కదా, ‘సంతరించుకుంది’ అని. నమూనా కూడా అదే చెబుతుంది. ఒక్కో మాటకి సంభావ్యత ఎక్కువ, తికమక తక్కువ. అదే ‘కొబ్బరి చెట్లని’ అన్న తర్వాత ‘తరలించలేం’ అని వస్తుందని నమూనా ఊహించడం కష్టం. లెక్క కోసం ఐదు మాటలకి నేనే అంకెలు వేసి చూపిస్తున్నాను. మొదటి వరస బట్టీ వాక్యానిది, రెండోది సొంత వాక్యానిది అనుకోండి.

```
PPL = (p1 × p2 × ... × pn)^(-1/n)

0.5, 0.8,  0.4, 0.9,  0.6  ->  1.6
0.1, 0.02, 0.3, 0.05, 0.2  ->  11.1
```

మొదటిదాంట్లో నమూనా ప్రతి చోటా ఒకటి రెండు మాటల మధ్యే తేల్చుకుంటున్నట్టు లెక్క. రెండోదాంట్లో పదకొండు మాటల మధ్య తడుముకుంటున్నట్టు. అంకె ఒక గీత కంటే కిందికి పడితే ‘యంత్రం’ అనేస్తారు. దీనికి తోడు వాక్యాల మధ్య ఎగుడుదిగుళ్లు కూడా చూస్తారు. మనిషి ఒకచోట పొడుగ్గా, ఒకచోట పొట్టిగా రాస్తాడని, యంత్రం అన్నీ ఒకే కొలతతో రాస్తుందని వాళ్ల అంచనా. మోడల్ ఆన్సర్‌లో వాక్యాలు కూడా హాస్టల్ ఇడ్లీల్లా ఒకే సైజులో ఉంటాయి. కాబట్టి అక్కడా దొరికిపోతుంది.

తర్వాత వచ్చిన డిటెక్టర్లు ఈ ఒక్క అంకె మీదే ఆధారపడటం లేదు. మనుషుల రాతలు, యంత్రాల రాతలు కుప్పలుగా చూపించి తేడా పట్టుకునేలా వాటికి శిక్షణ ఇస్తున్నారు. కానీ వాటికి కనబడేది కూడా వాక్యం పైపొరే. వాక్యం నోట్సులోంచి బుర్రలోకి, బుర్రలోంచి కీబోర్డుకి వచ్చిందా, స్క్రీన్ మీంచి కాపీ అయిందా అన్నది వాక్యంలో ఎక్కడా రాసి ఉండదు.

ఇంకో మెలిక ఉంది. ఈ నమూనాలు నేర్చుకున్నది ఇంటర్నెట్‌లో ఉన్న రాతల నుంచే. ఒక రాత ఎన్ని చోట్ల మళ్లీ మళ్లీ కనబడితే నమూనాకి అది అంత కంఠతా వచ్చేస్తుంది. 2023లో అమెరికా రాజ్యాంగాన్ని జీపీటీజీరో అనే డిటెక్టర్‌లో వేస్తే ఏఐ రాసిందని చూపించింది. 1787 నాటి పత్రం అది. నమూనాకి ముందే తెలిసిన పాఠం కాబట్టి తికమక పడలేదు, అంతే. మన మోడల్ ఆన్సర్లు కూడా పీడీఎఫ్‌లుగా, వెబ్‌సైట్లలో మెటీరియల్‌గా ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. మావాడు ఆ వ్యాసాన్ని బట్టీ పట్టాడు. అలాంటి వ్యాసాలనే యంత్రమూ వేలకొద్దీ మింగింది. ఇద్దరూ ఒకే నోట్సు చదివిన క్లాస్‌మేట్లు అన్నమాట. ఒకరి పేపరు ఇంకొకరిలా ఉందని ఆశ్చర్యపోవాల్సిందేముంది?

ఇది నా ఊహ మాత్రమే కాదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఒక పరీక్ష చేశారు. ఇంగ్లీషు మాతృభాష కాని వాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలని ఏడు డిటెక్టర్లకి ఇచ్చారు. అన్నీ మనుషులు రాసినవే. అయినా డిటెక్టర్లు సగటున 61 శాతం వ్యాసాలని యంత్రం ఖాతాలో వేశాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల్ని మాత్రం దాదాపు అన్నిటినీ సరిగ్గా మనిషి రాసినవే అన్నాయి. కారణం పైన చెప్పుకున్నదే. నేర్చుకున్న భాషలో మన దగ్గర మాటలు తక్కువ, తెలిసిన కొన్ని కట్టుబాటు వాక్యాలనే తిప్పి తిప్పి వాడతాం. ఆ పరిశోధనలోనే ఇంకో విడ్డూరం ఉంది. ఆ టోఫెల్ వ్యాసాల్ని చాట్‌జీపీటీకిచ్చి మాటలు మెరుగుపరచమంటే, యంత్రం అన్న ముద్ర 12 శాతం దగ్గరికి పడిపోయింది. అంటే యంత్రం చెయ్యి తగలని వ్యాసం యంత్రానిది, తగిలిన వ్యాసం మనిషిది! నిజాయితీగా బట్టీ పట్టినవాడు దొరుకుతాడు, తెలివిగా మెరుగులు దిద్దించుకున్నవాడు బయటపడతాడు.

చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ కంపెనీయే 2023 జనవరిలో ఒక డిటెక్టర్ విడుదల చేసింది. వాళ్ల సొంత లెక్క ప్రకారమే అది యంత్రం రాతల్లో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషుల రాతల్లో 9 శాతాన్ని యంత్రానివంది. ఇంగ్లీషుకి తప్ప వాడొద్దని కూడా చెప్పారు. ఖచ్చితత్వం చాలడం లేదని అదే ఏడాది జులైలో దాన్ని తీసేశారు.

తెలుగు వ్యాసాల్ని డిటెక్టర్లలో వేసేవాళ్ల కోసం ఒక మాట. యూనికోడ్‌లో ప్రతి తెలుగు సంకేతం యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. మొదటి బైటు ఎప్పుడూ `E0`, రెండోది `B0` లేదా `B1`. తెలుగు పెద్దగా తెలియని నమూనా మన అక్షరాన్ని బైట్లుగా ముక్కలు చేసుకుంటే, మూడింటిలో రెండు ముక్కల్ని కళ్లు మూసుకుని ఊహించగలదు. అప్పుడు ముక్కకి సగటు తీస్తే తికమక అంకె దానంతటదే పడిపోతుంది, రాసింది గురజాడే అయినా సరే. ఇంగ్లీషుకి గీసిన గీతతో తెలుగుని కొలవడం అంటే కిలో రాయితో లీటరు పాలు తూచడం లాంటిది.

పేపరు దిద్దేవారి తలలోని డిటెక్టర్

ఇంతవరకు సాఫ్ట్‌వేర్ తప్పు. అయితే ఏపీపీఎస్సీ గ్రూప్-1 మెయిన్స్, యూపీఎస్సీ మెయిన్స్ చేత్తో రాసే పరీక్షలు. అక్కడ కాగితం చదివేది మనిషి. మరి ఆ మనిషికి కూడా మన వ్యాసం యంత్రం రాసినట్టు ఎందుకనిపిస్తుంది?

పేపర్ల కట్ట ముందు కూర్చున్న మాస్టారిని ఊహించుకోండి. మొదటి పేపరు ‘విపత్తు అనేది చెప్పి రాదు’ అని మొదలైంది. బాగుంది. నాలుగో పేపరు, తొమ్మిదో పేపరు, పదిహేనో పేపరు కూడా అలాగే మొదలయ్యాయి. ఇరవయ్యో పేపరు దగ్గరకొచ్చేసరికి ఆయన మొదటి మాట చూడగానే పేరా చివర ఏముంటుందో చెప్పగలడు. పైన నమూనా చేసిన పనినే ఆయన బుర్ర కూడా చేయడం మొదలుపెట్టింది. ఆ పేరాలో తప్పేమీ లేదు. కానీ వంద మందిలో ఎవరు మెరుగో తేల్చడమే ఆయన పని. అందరిలోనూ ఒకేలా ఉన్న పేరా ఆ పనికి సాయపడదు. దానికి మార్కులు తగ్గించనక్కర్లేదు, లెక్కలోకి తీసుకోకుండా దాటిపోతే చాలు. మనం పావుగంట ఖర్చుపెట్టి రాసింది ఆయన రెండు సెకన్లలో దాటేస్తారు.

కానీ మనిషికీ సాఫ్ట్‌వేర్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. సాఫ్ట్‌వేర్ ప్రశ్న చదవదు. మనిషి చదువుతాడు. బట్టీ వ్యాసం నిజంగా బయటపడేది అక్కడే, ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఉన్న అతుకు దగ్గర. ఒక ప్రశ్న నేనే తయారుచేస్తాను చూడండి: ‘విపత్తుల్లో ప్రాణనష్టం తగ్గుతోంది గానీ జీవనోపాధి నష్టం తగ్గడం లేదు. చర్చించండి.’ నోట్సు కంఠతా వచ్చినవాడి జవాబు ఇలా మొదలవుతుంది:

‘విపత్తు అనేది చెప్పి రాదు. భారతదేశం భౌగోళికంగా వైవిధ్యం గల దేశం కావడం వల్ల వరదలు, తుఫానులు, భూకంపాలు వంటి అనేక ప్రకృతి విపత్తులకు గురవుతోంది. ఈ నేపథ్యంలో విపత్తు నిర్వహణ అత్యంత ప్రాధాన్యత సంతరించుకుంది.’

ఆ తర్వాత 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం వస్తుంది, సెండాయ్ ఒప్పందం వస్తుంది, ముందస్తు హెచ్చరికలు, ప్రజల్లో అవగాహన వస్తాయి. అన్నీ నిజాలే. కానీ ప్రశ్నలో ‘గానీ’ అన్న మాట ఒకటుంది. ప్రాణాలు ఒకవైపు, బతుకుతెరువు ఒకవైపు. ప్రశ్న అడిగినవాడి తెలివంతా ఆ ‘గానీ’లోనే ఉంది. మన జవాబులో ఆ మాట మీద ఒక్క వాక్యం కూడా లేదు. ‘భూకంపాలు’ అని ఎందుకు రాశామో మనకే తెలియదు. నోట్సులో ఉంది కాబట్టి వచ్చింది. పేపరు దిద్దేవారికి ‘దీని వెనక మనిషి లేడు’ అనిపించేది ఇక్కడే. ప్రశ్న వినకుండా జవాబు చెప్పేవాడిని మనం నిత్యజీవితంలో కూడా రికార్డు ప్లేయర్ అంటాం కదా.

అదే ప్రశ్నకి మన జిల్లా కుర్రాడు ఇలా కూడా మొదలుపెట్టొచ్చు:

‘2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. హెచ్చరిక ముందే వస్తే మనుషులు పక్కా ఇళ్లలోకి వెళ్లి ప్రాణాలు దక్కించుకోవచ్చు. కొబ్బరి చెట్లని తరలించలేం. ఉద్దానంలో పడిపోయిన చెట్టు చోట కొత్త మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. పరిహారం ఒక్కసారి వస్తుంది, ఆదాయం ఆరేడేళ్లు ఆగుతుంది.’

ఇందులో గొప్ప భాష ఏమీ లేదు. సూక్తి లేదు. కానీ ప్రశ్నలోని ‘గానీ’కి జవాబు మొదటి పేరాలోనే దొరికింది. తర్వాత పేరాలో 2005 చట్టం గురించి రాసినా దానికి ఒక పని ఉంటుంది. తరలింపు గురించి ఇంత పద్ధతి ఉన్న వ్యవస్థలో, కాపుకి రాని ఆ ఆరేడేళ్ల గురించి ఏముంది అని అడగొచ్చు. జీడితోటలో కూలికి వెళ్లేవాడికి చెట్టు తనది కాదు కాబట్టి చెట్టు లెక్కన ఇచ్చే పరిహారం చేరదు, అతని సంగతేమిటి అని ఇంకో పేరా రాయొచ్చు. బట్టీ పట్టిన నిజాలే ఇక్కడ వాదనకి సాక్ష్యాలుగా పనికొస్తాయి.

ఈ పేరాని డిటెక్టర్ మనిషిదే అంటుందని నేను హామీ ఇవ్వను. అనకపోవచ్చు కూడా. ఇంకో చిక్కు కూడా ఉంది. వచ్చే ఏడాది ఎవరైనా ఈ తిత్లీ పేరానే జిరాక్స్ తీసి పంచితే, రెండేళ్లలో ఇదీ ‘విపత్తు అనేది చెప్పి రాదు’ అంత అరిగిపోతుంది. అప్పుడు కూడా తేడా చూపించేది ఒక్కటే, ప్రశ్న మారినప్పుడు పేరా మారిందా లేదా అన్నది. ‘పట్టణాల్లో వరదలు’ అని అడిగితే అక్కడ కొబ్బరి చెట్టు రాసినవాడు మళ్లీ రికార్డు ప్లేయరే.

విదేశీ పరీక్షలు ఈ సంగతిని ఏఐ రాకముందే గుర్తించి నిబంధనల్లో పెట్టుకున్నాయి. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో జవాబు మొత్తం బట్టీ పట్టినదని రుజువైతే బ్యాండ్ సున్నా. జీఆర్‌ఈ నిర్వహించే ఈటీఎస్, ఇతరుల వ్యాసాలతో గణనీయంగా పోలిన వ్యాసం దొరికితే స్కోరు రద్దు చేసే హక్కు తన దగ్గర ఉంచుకుంది. ఎంఎస్ కోసం జీఆర్‌ఈ రాసే మన ఫైనల్ ఇయర్ వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అక్కడ పక్కవాడి నోట్సు మీకూ వచ్చి ఉండటమే ప్రమాదం. ఈ రెండు నిబంధనల్లోనూ ఒక మంచి గుణం ఉంది. ‘యంత్రంలా అనిపించింది’ అని కాకుండా ‘ఫలానా వ్యాసంతో పోలింది’, ‘రుజువైంది’ అంటాయి. అంటే పక్కన పెట్టి చూపించగల సాక్ష్యం కావాలి. డిటెక్టర్ ఇచ్చే శాతం అలాంటి సాక్ష్యం కాదు.

మనవాళ్లే ఎందుకు ఎక్కువ బట్టీ పడతారు?

బట్టీ పట్టేవాళ్లని సోమరులనడం తేలిక. కానీ టైము లెక్క చూడండి. గ్రూప్-1 వ్యాసం పేపరులో మూడు గంటల్లో మూడు వ్యాసాలు. యూపీఎస్సీలో మూడు గంటల్లో వెయ్యి, పన్నెండు వందల మాటల వ్యాసాలు రెండు. ఎస్‌బీఐ పీవో మెయిన్స్‌లో ఏళ్లపాటు ఒక వ్యాసం, ఒక ఉత్తరం కలిపి 30 నిమిషాల్లో టైపు చేయాల్సి వచ్చేది. ఆలోచించుకోవడానికి పది నిమిషాలు పోతే భయం వేస్తుంది. అలాంటప్పుడు తయారుగా ఉన్న పేరా చేతికందితే ఎవడు వదులుకుంటాడు? అది సోమరితనం కాదు, లెక్క.

దానికి తోడు మన వైపు ఇంకో భయం ఉంది. ‘ఏటి’, ‘ఎల్లొస్తాను’ అంటే నవ్వుతారని చిన్నప్పుడే తెలిసిపోతుంది. సొంతంగా రాస్తే యాస దొర్లుతుందేమో, తప్పు పడుతుందేమో అన్న బెరుకు. అచ్చు వేసిన వాక్యం అయితే ఎవరూ నవ్వరు. అందుకని మన మాట దాచుకుని అచ్చు మాట తొడుక్కుంటాం.

ఈ గొడవ మన జిల్లాలకి కొత్త కాదు. వందేళ్ల కిందట పరీక్షల్లో తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్న తగవు లేచినప్పుడు, వాడుక భాష పక్షాన నిలబడ్డ వాళ్లలో ఇద్దరు ఇక్కడి వాళ్లే. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి ఒకరు. విజయనగరంలో ఉండి, మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు కాంపోజిషన్ ఉపసంఘం నివేదికతో విభేదిస్తూ 1914లో అసమ్మతి పత్రం రాసిన గురజాడ అప్పారావు మరొకరు. గ్రాంథికం రాయమనే పండితులే అందులో తప్పులు చేస్తున్నారని గిడుగు ఎత్తి చూపించారు. ఎవరూ మాట్లాడని భాషలో వ్యాసం రాయమంటే, రాసేవాడికి తన వాక్యం ఉండదు. ఎవరిదో వాక్యం తెచ్చుకోక తప్పదు. ఇప్పుడు గ్రాంథికం పోయింది. దాని కుర్చీలో ‘నేపథ్యంలో’, ‘ప్రాధాన్యత సంతరించుకుంది’, ‘అనడంలో అతిశయోక్తి లేదు’ వచ్చి కూర్చున్నాయి. ఇవీ ఎవరూ మాట్లాడే భాష కాదు. ఇంట్లో అమ్మతో ‘కూరలో ఉప్పు ప్రాధాన్యత సంతరించుకుంది’ అని ఎవరైనా అన్నారా?

కాబట్టి మావాడి వ్యాసం యంత్రంలా కనబడటానికి బాధ్యత వాడొక్కడిదే కాదు. సొంత మాటకి మార్కులు పోతాయని భయపెట్టిన చదువుది, ఏటా అవే ప్రశ్నలు తిప్పి అడిగిన పరీక్షలది కూడా. ‘మహిళా సాధికారత’ అని రెండు మాటలిచ్చి వ్యాసం రాయమంటే బట్టీ పేరా రాకుండా ఇంకేం వస్తుంది?

నేను అడిగేది

మన క్లబ్బు కూడా ఏటా వ్యాసరచన పోటీ పెడుతుంది. అందుకే నా అభిప్రాయం ఇక్కడ పనిగా మార్చి చెబుతున్నాను.

మొదటిది, డిటెక్టర్ శాతం చూసి ఎవరి వ్యాసాన్నీ తీసేయొద్దు. అనుమానం వస్తే ఆ విద్యార్థిని పిలిచి, తను రాసిన వ్యాసం మీదే పది నిమిషాలు మాట్లాడమనాలి. ‘భూకంపాలు అని ఎందుకు రాశావు? మన జిల్లాలో అయితే ఏం రాసేవాడివి?’ ఈ రెండు ప్రశ్నలు చాలు. యంత్రంతో రాయించినవాడైనా, బట్టీ పట్టినవాడైనా అర్థం కాకుండా రాసి ఉంటే అక్కడ ఆగిపోతాడు. అర్థమై రాసినవాడు, వాక్యం ఎరువు తెచ్చుకున్నదైనా సరే, మాట్లాడతాడు. వాడి మార్కులు తగ్గొచ్చు గానీ వాడి మీద దొంగ అన్న ముద్ర పడదు.

రెండోది, ప్రశ్నలో ఒక ‘గానీ’ ఉండాలి. రెండు మాటల శీర్షిక ఇవ్వొద్దు. ఒక వాదన ఇచ్చి ఒప్పుకుంటావా, కాదంటావా, ఎందుకు అని అడగాలి. అలాంటి ప్రశ్నకి నోట్సులోని పేరా సగమే అతుకుతుంది, మిగతా సగం ఆలోచించాల్సి వస్తుంది. జిరాక్స్ పేజీలని ఆపడానికి ఇంతకంటే చవకైన సాధనం నాకు కనబడలేదు.

మూడోది పరీక్షలకి చదివేవాళ్ల కోసం. బట్టీ మానేయమని నేను చెప్పను, ఆ టైములో అది కుదరదు. కానీ పేరాలు బట్టీ పట్టే చోట వివరాలు బట్టీ పట్టండి. సంవత్సరం, చట్టం పేరు, ఒక ఊరు, ఒక కారణం, ఒక అంకె. ఒక్కో అంశానికి పది వివరాలు చాలు. వాక్యం మాత్రం హాల్లోనే కట్టండి. వివరం ఏ ప్రశ్నలోనైనా సరైన చోట దూరుతుంది. పేరా అలా కాదు, దాన్ని తెచ్చిన ప్రశ్నలోనే ఇముడుతుంది. సరిగ్గా రాశామో లేదో తెలుసుకోవడానికి డిటెక్టర్ అక్కర్లేదు. మీ వ్యాసంలో మొదటి పేరా తీసుకెళ్లి ఇంకో టాపిక్ మీద పెట్టండి. అక్కడ కూడా అతికిందంటే దాన్ని కొట్టేయండి.

కంచిలి కుర్రాడి పేరు ఆ జాబితాలోకి తిరిగి రాలేదు. నోట్సు ఫొటో జతచేసి మెయిల్ పెట్టాడు, జవాబు రాలేదు. 2019 నాటి జిరాక్స్ కాగితం చూపించినా నమ్మని చోట ఒక విద్యార్థి తను మనిషినని ఇంకెలా నిరూపించుకోవాలి? ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది డిటెక్టర్ వాడిన వాళ్లు. మన పోటీలో మాత్రం ఆ ప్రశ్న ఎవరూ వేసుకోవాల్సిన పని రాకూడదు.